ఆగస్టు 31 తర్వాత ఫ్లాట్ గురించి

22 జూన్ 2025, ఆదివారం

హారికా,

పక్క గదిలో ఉండి ఉత్తరం రాస్తోందేంటి అనుకోకు. ఎదురుగా కూర్చుంటే నాకు మాట తడబడుతుంది, సగం చెప్పి సగం మింగేస్తాను. ఈ విషయంలో అలా జరగకూడదు. అందుకే ముందు రాసి ఇస్తున్నాను, చదివాక మాట్లాడుకుందాం.

మన అగ్రిమెంట్ ఆగస్టు 31తో అయిపోతుంది. ఓనర్ ఆంటీ అద్దె ఐదు శాతం పెంచి, అంటే 25,200 చేసి, ఇంకో పదకొండు నెలలకి రాసిస్తానన్నారు. నేను రాయించుకుంటున్నాను. కానీ ఈసారి మనిద్దరం కలిసి ఉండొద్దని అనుకుంటున్నాను. ఆగస్టు 31 లోపు నువ్వు వేరే ఇల్లు చూసుకోవాలి. ఇది నెల రోజులుగా ఆలోచించి తీసుకున్న నిర్ణయం. మార్చుకోమని అడగొద్దు.

చెల్లి వస్తోందనో, స్కూల్లో తెలిసినావిడ గది అడుగుతోందనో చెప్పి తప్పించుకోవచ్చు. ఎవరూ రావట్లేదు. నీ గదికి ఇంకా ఎవరినీ అనుకోలేదు కూడా. అసలు కారణం మన వేళలు కలవకపోవడం. నువ్వు సాయంత్రం ఆరున్నరకి లాగిన్ అయితే రాత్రి ఒంటిగంటకి గానీ వంటగదిలోకి రావు. నేను ఐదింటికి లేవాలి. ఒంటిగంటన్నరకి పోపు చిటపట, ఇంగువ వాసన, దాని మీద స్పీకర్‌లో మీ టీమ్ కాల్. నాకు తెలివొస్తే మళ్లీ మూడింటిదాకా నిద్ర పట్టదు. ఆకలేసినప్పుడు వండుకోవడం నీ తప్పు కాదు. కానీ ఆ నిద్రతో ఎనిమిదో క్లాసు పిల్లల ముందు నిలబడటం ఇక నావల్ల కావట్లేదు. ఇయర్‌ఫోన్స్ పెట్టుకోమని రెండుసార్లు అడిగాను. వారం బాగానే ఉంటుంది, తర్వాత మామూలే.

రెండోది మీ పిన్నిగారమ్మాయి సంగతి. అమీర్‌పేటలో బ్యాంక్ కోచింగ్, పది రోజులు ఉంటుందన్నావు. ఏడు వారాలు ఉంది. పాపం మంచి పిల్ల, ఆ అమ్మాయి మీద నాకేం లేదు. కానీ హాల్లో పరుపు తీయకుండా ఉంటే నేను టీ తాగడానికి కూడా గదిలోకి వెళ్లాల్సి వచ్చింది. పదకొండో రోజున నన్నోమాట అడిగి ఉంటే సరేననేదాన్నేమో. అడగలేదు.

అద్దె ఆలస్యం గురించి ఎక్కువ రాయను. తొమ్మిది నెలల్లో ఐదుసార్లు పదిహేనో తేదీ దాటింది, ఆంటీ ఫోన్ చేసేది నాకే కాబట్టి ప్రతిసారీ ముందు నేనే కట్టాను. నువ్వు తర్వాత పైసాతో సహా ఇచ్చేశావు. ఇప్పుడు నీ వైపు నుంచి రావాల్సింది మే కరెంటు బిల్లులో సగం, 1,140 ఒక్కటే.

నా తప్పూ ఉంది. నచ్చనిది నచ్చనప్పుడే చెప్పకుండా, మూతి ముడుచుకుని గిన్నెలు చప్పుడు చేస్తూ తోమడం నాకు అలవాటు. దాంతో నీకు ఏం తప్పు చేశావో తెలియదు, వాతావరణం మాత్రం తెలుస్తుంది. అది బాగాలేదు, సారీ.

నవంబర్‌లో నాకు డెంగ్యూ వచ్చి ప్లేట్‌లెట్లు 38 వేలకి పడిపోయినప్పుడు, షిఫ్ట్ దిగి నేరుగా హాస్పిటల్‌కి వచ్చి కుర్చీలో పడుకున్నావు. మా అమ్మ కరీంనగర్ నుంచి వచ్చేదాకా నువ్వే ఉన్నావు. అది మర్చిపోయి రాస్తున్న ఉత్తరం కాదిది. నిజానికి ఇన్నాళ్లూ ఆగింది అది గుర్తుండే.

అగ్రిమెంట్ నా పేరున ఉంది కాబట్టి నన్నే పొమ్మంటోంది అనిపించవచ్చు. నేనే వెళ్లిపోదామా అని కూడా చూశాను. నా స్కూల్ బాచుపల్లిలో, ఇక్కడి నుంచి పది నిమిషాలు. నీ ఆఫీసు గచ్చిబౌలి. నిజాంపేటలో ఉండాల్సిన అవసరం నాకు ఉన్నంతగా నీకు లేదు. కొండాపూర్ వైపు దొరికితే నీకు క్యాబ్‌లో గంట కలిసొస్తుంది.

ఇక డబ్బు విషయం. మనం ఇచ్చిన అడ్వాన్స్ 48,000లో నీ సగం 24,000. అది నేనే ఇస్తాను, నువ్వు తాళం ఇచ్చిన రోజే. కొత్తగా ఎవరో వచ్చి కట్టాక ఇస్తానని తిప్పించుకోను. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్‌కి నెల అద్దె పట్టుకుంటామని అగ్రిమెంట్‌లో ఉంది కదా, ఇల్లు ఖాళీ అవ్వట్లేదు కాబట్టి నీ దాంట్లో పెయింటింగ్ కింద ఏమీ పట్టుకోను. రేపు నేను ఖాళీ చేసినప్పుడు అది నా బాధ్యత. జూలై, ఆగస్టులకి నీ వాటా అద్దె, మెయింటెనెన్స్ కలిపి ఎప్పటిలాగే 13,000, ఐదో తేదీ లోపు. అడ్వాన్స్‌లో సర్దుకోమని మాత్రం అనకు, లెక్క చిక్కుపడుతుంది.

ముందే ఇల్లు దొరికితే ఆగస్టు 31 దాకా ఆగక్కర్లేదు. పదిహేను రోజుల ముందు చెప్పు చాలు. ఆగస్టులో ఉన్నన్ని రోజులకే, రోజుకి 420 లెక్కన ఇవ్వు. మీ అమ్మగారు ఆషాఢంలో ఇల్లు మారనివ్వరని తెలుసు. ఈ గురువారం ఆషాఢం వస్తోంది. శ్రావణం జూలై 25న మొదలై ఆగస్టు 23 దాకా ఉంటుంది, తర్వాత భాద్రపదం. అంటే నీ చేతిలో కాగితం మీద 70 రోజులున్నా, మారడానికి అసలైన నెల ఒకటే. ఇప్పుడే రాయడానికి అదీ ఒక కారణం. ఇల్లు చూడటం ఆషాఢంలో చూసుకోవచ్చు, ఆ నెలలో మారేవాళ్లు తక్కువ కాబట్టి బేరమాడటానికీ వీలుంటుంది.

వాషింగ్ మెషీన్ నీది, సోఫా, గ్యాస్ కనెక్షన్ నావి. వైఫై నీ పేరు మీద ఉంది, అడ్రస్ మార్పించుకో, నేను కొత్తది పెట్టించుకుంటాను. ఫ్రిజ్ ఇద్దరం చెరో ఎనిమిది వేలు పెట్టి కొన్నాం. ఏడాది వాడాం కాబట్టి సగం వాటాకి ఆరు వేలు అనుకుందాం. నువ్వు తీసుకెళ్తే నాకు ఆరు ఇవ్వు, వదిలేస్తే నేను ఆరు ఇస్తాను. ముందు ఎంచుకునేది నువ్వే.

ఈ విషయం ఓనర్ ఆంటీకి గానీ, మన వాట్సాప్ గ్రూప్‌లో గానీ ఎవరికీ చెప్పలేదు. కారణాలు ఎవరికీ చెప్పను. కొత్త ఇంటి వాళ్లు నీ గురించి అడగాలనుకుంటే నా నంబర్ ఇవ్వు. అద్దె ఎగ్గొట్టలేదు, ఇల్లు శుభ్రంగా ఉంచింది అని చెప్తాను, రెండూ నిజమే. సామాను సర్దే రోజు ఆదివారం అయితే నేను కూడా సాయం చేస్తాను.

కోపం వస్తే రానీ. ఇవాళే జవాబు చెప్పాలని లేదు. బుధవారం నేను నాలుగున్నరకల్లా ఇంట్లో ఉంటాను, నువ్వు లాగిన్ అయ్యేలోపు కూర్చుని మాట్లాడుకుందాం. తేదీ మారదు గానీ, లెక్కల్లో ఎక్కడైనా నీకు అన్యాయం అనిపిస్తే ఆ రోజు చెప్పు, సరిచేద్దాం. ఫ్రిజ్ సంగతి జూలై 15 లోపు తేల్చు.

సంధ్య