పానగల్ ఉదయ సముద్రం కట్ట శుభ్రత: 14 సెప్టెంబర్ ఆదివారం రిపోర్టు (లెక్కలు తేలాక తిరిగి రాసింది)

మళ్లీ కలిసేది: 28 సెప్టెంబర్ 2025, ఆదివారం, పొద్దున 6 గంటలకు, కట్ట మొదట్లో బండ్లు పెట్టే ఖాళీ జాగాలో.

తేదీ అందరికీ ముందు కనపడాలని పైనే రాశాం. ఆదివారం రాత్రి ఫోటోలతో పాటు పంపిన మొదటి రిపోర్టు నాటికి కాంటా లెక్కలు రాలేదు. ఆ తర్వాత ఫోన్ చేసినవాళ్లంతా దాదాపు ఒకేలా అడిగారు: ఎంత చెత్త తీశారు, అది ఎక్కడికి పోయింది, పైసలు ఎట్లా ఖర్చయినయి, మళ్లీ ఎప్పుడు? ఆ వివరాలన్నీ ఇందులో ఉన్నాయి. ఎవరికైనా పంపాలంటే ఇక నుంచి దీన్నే పంపండి.

ఏం చేశాం

మొత్తం 74 మంది వచ్చారు. అందులో డిగ్రీ కాలేజీ ఎన్‌ఎస్‌ఎస్ విద్యార్థులు 31 మంది, రోజూ కట్ట మీద వాకింగ్ చేసేవాళ్లు 18 మంది, మహిళా సంఘాల అక్కలు 14 మంది, చేపలు పట్టే అన్నలు 5 మంది, దారిలో పోతూ ఆగి కలిసినవాళ్లు 6 మంది. పొద్దున 6 నుంచి 9 వరకు కట్ట మీద, నీళ్ల వైపు రాళ్ల పేర్పులో సుమారు 700 మీటర్ల మేర శుభ్రం చేశాం. కట్ట కింద సర్కారు తుమ్మ చెట్ల మధ్యకు పోలేకపోయాం. అక్కడ ముళ్లున్నాయి, పాములు కూడా ఉంటాయి. కత్తులు, గంబూట్లు లేకుండా పిల్లలను అందులోకి దింపడం సరికాదనిపించింది.

తీసిన చెత్త 640 కిలోలు. అన్నింటికంటే బరువు గాజుదే, 285 కిలోలు. అందులో ఎక్కువ భాగం బీరు, మందు సీసాలు, వాటి పెంకులు. కవర్లు, చిప్స్, గుట్కా ప్యాకెట్లు, థర్మాకోల్ ప్లేట్లు కలిపి 180 కిలోలు. నీళ్ల సీసాలు, గట్టి ప్లాస్టిక్ 70 కిలోలు. పాత బట్టలు, చెప్పులు 65, రేకు ముక్కలు, అట్టలు 25, డైపర్లు, సూదుల్లాంటివి 15.

కవర్లు 180 కిలోలే కదా అని తేలిగ్గా తీసుకోవద్దు. గాజు ఒక బస్తా నింపితే ఇద్దరు మోయాలి, కవర్ల బస్తా ఒక చేత్తో లేస్తుంది. ఆ తేలికైన బస్తాలే ట్రాక్టర్‌ను ఎక్కువ సార్లు నింపాయి. రాళ్ల సందులో నుంచి లాగిన ఒక చిప్స్ ప్యాకెట్ మీద తయారీ తేదీ ఇంకా చదవగలిగేలా ఉంది: 2016. రంగు వెలిసింది కానీ ప్యాకెట్ చినగలేదు. మిగిలిన అన్నం, చికెన్ ముక్కలతో ముడి వేసి పడేసిన కవర్లు కూడా చాలా దొరికాయి. పశువులు ఆ ముడి విప్పుకోలేవు, కవర్‌తో సహా మింగుతాయి. పుట్టినరోజు చేసుకోవడానికి కట్ట మీదకు వచ్చే తమ్ముళ్లు ఈ ఒక్కటి గుర్తుపెట్టుకుంటే చాలు.

కందూరు చోళుల కాలంలో కట్టిన చెరువు ఇది. ఇప్పుడు కృష్ణా నీళ్లు ఇందులోకి వచ్చి ఊరి తాగునీటికి అందుతున్నాయి. ఫ్లోరైడ్ ఎముకలను ఏం చేస్తుందో కళ్లారా చూసిన జిల్లా మనది. మంచినీళ్ల కోసం ఇన్నేళ్లు ఎదురుచూసినవాళ్లం, ఆ నీళ్ల అంచున సీసా పగలగొట్టి పోవడం చూస్తే మనసు ఊరుకోదు.

తీసింది ఎక్కడికి పోయింది

అమ్ముడుపోయేవి, అంటే పగలని సీసాలు, ప్లాస్టిక్ సీసాలు, రేకు, అట్టలు పాత సామాను దుకాణానికి ఇచ్చాం. 1,640 రూపాయలు వచ్చాయి. చిప్స్, గుట్కా ప్యాకెట్లను పాత సామాను వాళ్లు తీసుకోరు. పొరలు పొరలుగా అతికించిన సరుకు కాబట్టి కరిగించి వేరే వస్తువు చేయడం కష్టం. వాటిని, మిగిలిన కవర్లను, బట్టలను పొడిచెత్త కింద మున్సిపాలిటీ బండికి అప్పగించాం. గాజు పెంకులు విడి బస్తాల్లో కట్టి, పైన ఎర్ర గుడ్డ ముడి వేసి ఇచ్చాం, దించేవాళ్ల చేతులు తెగకుండా. డైపర్లు, సూదులు కూడా విడిగానే పోయాయి. ఏ చెత్తనూ అక్కడ కాల్చలేదు.

ఒక విద్యార్థికి గ్లౌజులోంచి పెంకు దిగి వేలు తెగింది. వెంటనే కట్టు కట్టించి, టీటీ ఇంజెక్షన్ వేయించాం. ఇప్పుడు బాగానే ఉన్నాడు. పలుచటి గ్లౌజులు గాజుకు ఆగవని తేలింది, ఈసారి తోలువి తెస్తున్నాం.

పైసల లెక్క: విరాళాలు 5,500, పాత సామాను అమ్మితే 1,640, మొత్తం 7,140 రూపాయలు. ఖర్చు 6,020. అందులో గ్లౌజులు, బస్తాలు 2,360, ట్రాక్టర్ డీజిల్ 1,200, టిఫిన్, చాయ్, నీళ్లు 2,150, మందులు 310. చేతిలో మిగిలింది 1,120. రసీదులు ఎవరైనా చూడవచ్చు.

ధన్యవాదాలు

సెలవు రోజైనా బండితో వచ్చిన పారిశుధ్య కార్మికులకు అందరికంటే ముందు దండం. చెత్తను ఎట్లా వేరు చేయాలో, ఏ బస్తా ఎంత వరకు నింపితే మోయగలమో వాళ్లు చూపించాకే మా పని దారిలో పడింది. కిరాయి వద్దని డీజిల్ పైసలు మాత్రమే తీసుకున్న ట్రాక్టర్ అన్నకు, పుట్టిలో పోయి నీళ్లలో తేలుతున్న సీసాలు ఏరి తెచ్చిన చేపల అన్నలకు, కాంటా ఇచ్చి తానే నిలబడి తూకం రాయించిన పాత సామాను దుకాణదారుకు కృతజ్ఞతలు. ఇడ్లీలు ఇచ్చిన హోటల్ అన్న కాగితం ప్లేట్లు కాకుండా స్టీలు పళ్లేలు తెచ్చి, కడిగి తీసుకుపోయాడు. చెప్పకుండానే ఆయనకు ఆ ఆలోచన వచ్చింది. రెండో ట్రిప్పు ఎండలో కూడా ఆగకుండా బస్తాలు కట్టిన అక్కలకు, పేరు రాయవద్దని చెప్పి విరాళం ఇచ్చిన పెద్దలకు కూడా.

28న ఏం చేస్తాం

సద్దుల బతుకమ్మకు ఆడబిడ్డలు కట్ట మీదకు వచ్చేలోగా మిగిలిన పని పూర్తి కావాలి. అందుకే ఈ తేదీ. తూము దాటిన తర్వాతి భాగం, బతుకమ్మలు నీళ్లలో వదిలే చోటు ముందు చేద్దాం. తుమ్మ చెట్ల కిందికి గంబూట్లు ఉన్న పెద్దవాళ్లు పదిమంది మాత్రమే దిగుతారు.

తంగేడు, గునుగు పూలు నీళ్లలో కుళ్లి కలిసిపోతాయి, వాటితో ఇబ్బంది లేదు. పూలు తెచ్చిన కవర్లు, కింద పెట్టే థర్మాకోల్ అట్టలు అట్లాగే ఉండిపోతాయి. అవి వేయడానికి మూడు డ్రమ్ములు పెడుతున్నాం. పండుగ రోజుల్లో సాయంత్రం గంటసేపు డ్రమ్ము దగ్గర నిలబడేవాళ్లు కావాలి.

పూర్తి చేతుల చొక్కా, మందమైన బూట్లు, నీళ్ల సీసా, టోపీ తెచ్చుకోండి. గ్లౌజులు, బస్తాలు మేమిస్తాం. ఇంట్లో పార, తట్ట ఉంటే పట్టుకురండి. పన్నెండేళ్ల లోపు పిల్లలు కట్ట మీదే ఉండాలి, నీళ్ల అంచుకు పంపవద్దు. పని 8:30కి ఆపి టిఫిన్ చేస్తాం. పొద్దున వాన పడితే అదే రోజు సాయంత్రం 4 గంటలకు, అదే జాగాలో కలుద్దాం.

టిఫిన్ లెక్కకు 26వ తేదీ శుక్రవారం రాత్రిలోగా పేరు చెప్పండి. చెప్పకపోయినా రావచ్చు.

కట్ట శుభ్రత వాలంటీర్ల తరఫున
19 సెప్టెంబర్ 2025, నల్గొండ