వాల్వ్ తెరిచాక వాయువు వెనక్కి ఎందుకు రాదు?

స్లైడ్ చూడండి. ఎడమ డబ్బాలో ఒక మోల్ ఆదర్శ వాయువు, 300 K దగ్గర. కుడి డబ్బా ఖాళీ, గాలి కూడా లేదు. రెండూ ఒకే సైజు. చుట్టూ ఉన్న మందపాటి గీత ఇన్సులేషన్. కింది బొమ్మలో వాల్వ్ తెరిచాం, చుక్కలు రెండు వైపులా పరుచుకున్నాయి.

ముందు శక్తి లెక్క చూద్దాం. వేడి రాలేదు, పోలేదు కాబట్టి Q = 0. అవతల శూన్యమే, నెట్టడానికి ఏమీ లేదు కాబట్టి W = 0. అంటే ΔU = 0, ఉష్ణోగ్రతా మారదు. 1845లో జౌల్ ఇలాంటి పాత్రల్ని నీళ్లలో ఉంచి చూస్తే, నీళ్ల ఉష్ణోగ్రతలో తేడా ఏమీ కనబడలేదు.

ఇప్పుడు బొమ్మల్ని తలకిందులు చేయండి. వాయువంతా తనంతట తానే ఎడమ డబ్బాలోకి వెళ్లిపోయిందనుకుందాం. అప్పుడూ శక్తి లెక్క సరిపోతుంది! మొదటి నియమం దాన్ని ఆపదు. అయినా అలా జరగడం ఎవరూ చూడలేదు. నాకు ఈ సబ్జెక్టు మీద ఇష్టం మొదలైంది ఈ ప్రశ్న దగ్గరే.

నాలుగే అణువులు ఉన్నాయనుకోండి. ఒక్కోటీ ఎడమనో కుడినో ఉండొచ్చు, మొత్తం 16 అమరికలు. నాలుగూ ఎడమనే ఉండేది ఒక్కటి. చెరో రెండు ఉండేవి ఆరు. పది అణువులైతే 1024లో ఒక్కటి. వంద అణువులకు అమరికలు 10³⁰ దాటిపోతాయి. సెకనుకోసారి తొంగి చూద్దామన్నా, విశ్వం పుట్టి ఇప్పటికి సుమారు 4 × 10¹⁷ సెకన్లే అయింది. మన డబ్బాలో ఉన్నవి వంద కాదు, 6 × 10²³. వాయువును కుడివైపు లాగిన బలం ఏదీ లేదు. అమరికలు అటు ఎక్కువున్నాయి, అంతే. ఎంట్రోపీ అంటే గందరగోళం అని చదివి ఉంటారు. ఆ మాట నాకు నచ్చదు, దాన్ని కొలవలేం. అమరికల్ని లెక్కపెట్టొచ్చు.

బోల్ట్‌జ్‌మన్ సూత్రం చేసేది ఆ లెక్కే:

S = k ln W

ఇక్కడ W అంటే పని కాదు, అమరికల సంఖ్య. N అణువులకు చోటు రెట్టింపైంది కాబట్టి W, 2ᴺ రెట్లు పెరిగింది. N k = R కాబట్టి

ΔS = R ln 2 = 8.314 × 0.693 ≈ 5.76 J/K

పరీక్షలో చాలామంది పొరబడేది ఇక్కడే. "Q = 0 కదా, ΔS కూడా సున్నా" అని రాసేస్తారు. Q/T సూత్రంలోని Q రివర్సిబుల్ దారిలో వెళ్లే వేడి. వాల్వ్ తెరవడం ఆ దారి కాదు. అదే మొదటి, చివరి స్థితుల మధ్య పిస్టన్‌ను 300 K దగ్గర మెల్లగా జరిపితే వాయువు 1729 J వేడి తీసుకుని అంతే పని చేస్తుంది. 1729ని 300తో భాగించండి: మళ్లీ 5.76. ఎంట్రోపీ స్థితిని బట్టే ఉంటుంది, దారిని బట్టి కాదు.

మారేది పరిసరాల ఎంట్రోపీ. పిస్టన్ దారిలో అవి 5.76 కోల్పోతాయి, మొత్తం సున్నా. వాల్వ్ దారిలో వాటికి ఏ మార్పూ లేదు, మొత్తం +5.76. విడిగా ఉంచిన వ్యవస్థలో ఈ మొత్తం తగ్గదన్నదే రెండో నియమం. పిస్టన్ పెట్టి ఉంటే దొరికే 1729 J పని మనకు దక్కలేదు. ఇప్పుడు ఉష్ణోగ్రత మారకుండా వాయువును తిరిగి ఎడమ డబ్బాలోకి నెట్టాలంటే, కనీసం అంత పని మనమే చేయాలి.