Po అంటే పోదు, Ra అంటే రాదు

ఫిబ్రవరి 28, జాతీయ విజ్ఞాన దినోత్సవం. తొమ్మిదో తరగతి గోడపత్రిక, పర్లాకిమిడి.

ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, పరీక్షలో ఆవర్తన పట్టిక. మూడోదానిలో మొదటి రెండూ దాక్కుని ఉన్నాయి. ఏదైనా అర్థం కాకపోతే సైన్సు మాస్టారిని అడగండి. ఆయన వివరించి, ఉన్న నవ్వును కూడా పోగొడతారు.

మాస్టారు: ఈ సీసాలో కిరోసిన్ కింద దాచినది ఏమిటి?
తెలుగు అబ్బాయి: Na, సార్.
ఒడియా అబ్బాయి: నా, నా!
మాస్టారు: ఒకడు తనదంటాడు, ఇంకొకడు కాదంటాడు. ఎవరిదైనా సరే, నీళ్ల కుండ దగ్గరికి మాత్రం తేవద్దు.

(ఒడియాలో ‘నా’ అంటే ‘కాదు’. మనకు తెలిసిందే, తనిఖీకి వచ్చే సార్ల కోసం రాశాం.)

— Na కూ Ni కీ తేడా ఏమిటి?
— Ni నీళ్లలో పడితే మునిగి ఊరుకుంటుంది. Na పడితే తేలుతూ పరుగులు తీసి మంటలు రేపుతుంది. మా ఇంట్లో ఆస్తి తగవులూ అంతే.

— క్యూరీ దంపతులకు తెలుగు వచ్చా?
— రెండు మాటలు వచ్చు. 1898 జూలైలో Po అన్నారు, డిసెంబరులో Ra అన్నారు.
— అయ్యో, వెళ్లగొట్టిన చుట్టాన్ని మళ్లీ పిలిచారా!
— ఇద్దరు వేరు వేరు చుట్టాలు. Po-210 కాస్త మాట వింటుంది, 138 రోజుల్లో సగం వెళ్లిపోతుంది. Ra-226 అలా కాదు, సగం కదలడానికే 1600 ఏళ్లు.
— అంటే ‘రా’ అన్నందుకు వచ్చి కూర్చుందన్నమాట. మా పెదనాన్న గారి బావమరిదిలాగా.
— ఇంకొకటి. మేరీ క్యూరీ పుట్టిన పోలండ్ పేరే పోలోనియానికి పెట్టారు. సొంత దేశానికి గౌరవమని పెట్టిన పేరు, మన వీధిలో చదివితే ‘పో’ అయింది!

పరీక్షలో ప్రశ్న: బొగ్గు సరిగా మండకపోతే వచ్చే విషవాయువు సూత్రం రాయండి.
జవాబు: Co. మార్కులు: సున్నా.
— అక్షరాలు అవే కదా సార్?
— Co అంటే కోబాల్ట్, గాజుకు నీలిరంగు వేసే లోహం. పొయ్యిలోంచి గాజులు వస్తాయా? నువ్వు O చిన్నది చేశావు, నేను పెద్దది చేసి ఇచ్చాను.

— మాస్టారూ, సోడియం, పొటాషియం కలిపిన మిశ్రమలోహం పేరేమిటి?
— NaK.
— మీకు సరే, అందరికీ చెప్పండి!
— అందరికీ చెప్పేది ఒకటే. గది వేడికే ద్రవంగా ఉంటుంది కదా అని, పేరు చూసి ఎవరూ నాకవద్దు.

హీలియం ఎవరితోనూ కలవదు. తన జోకు తానే చెప్పుకుని, మూలన కూర్చుని తానే నవ్వుకుంటుంది: He He.