బుజ్జి రిసెప్షన్‌కి నాన్న మాటలు: ఏడు కార్డులు

నాన్నా, నువ్వు రాసిచ్చిన మూడు పేజీలు ఏడు కార్డులయినాయి. శనివారం నెల్లూరులో నీ మేనకోడలు బుజ్జి పెళ్ళి రిసెప్షన్ స్టేజీ ఎక్కేటప్పుడు చేతిలో ఇవే ఉండాల. ఆ మూడు పేజీలు కావలిలోనే వదిలేసి రా. పెద్ద కాగితం చేతిలో ఉంటే చదవబుద్ధి అవుతుంది. చదివితే తల వంగిపోయి మైకు పక్కకి పోతుంది, బుజ్జి మొహం చూడనే చూడవు.

కార్డులు మందం అట్టవి. ఒకవైపే ప్రింటు చేయించా. రెండువైపులా ఉంటే తిప్పేటప్పుడు ఏది అయిపోయిందో, ఏది మిగిలిందో తెలీదు. కుడివైపు పైన 1/7, 2/7 అని అంకెలున్నాయి. కింద బాణం గుర్తు పక్కనున్నది తర్వాతి కార్డులో మొదటి మాట. కార్డు తిప్పకముందే అది నోట్లో ఉంటే మధ్యలో 'ఆఁ... ఆఁ...' అనే అవసరం రాదు.

లావు అక్షరాల్లో ఉన్నదాన్నే చూడు. మిగతాది మర్చిపోతే అందుకోవడానికి. ఎంత కష్టమైనా కార్డుకి రెండు చోట్లకి మించి లావు చెయ్యలా; అన్నీ లావయితే కన్ను దేని మీదా నిలవదు. పేర్లూ, మలుపు తిరిగే మాటా, జనం నవ్వే మాటా, ఇవే లావు. 'చాలా', 'ఎంతో' లాంటివి ఎక్కడా లావు చెయ్యలా, అవి ఎట్టా అయినా నోటికొస్తాయి.

నీ కాగితంలో ఈ పేరా ఉండింది చూడు:

"మా బుజ్జి చిన్నప్పటి నుంచీ ఎంతో ఓపిక గల పిల్ల. ప్రతి వేసవి సెలవులకీ కావలి మా ఇంటికి వచ్చేది. ఒకసారి మా ఇంట్లో చేపల పులుసు వండినప్పుడు అందరం ఆ రాత్రే తినేద్దామని కూర్చుంటే, పులుసు తెల్లారితేనే బాగుంటుందని చెప్పి, కుండ మీద మూత పెట్టి, మూత మీద రాయి పెట్టి, పక్కనే చాప వేసుకుని పడుకున్నది. అప్పుడు దానికి తొమ్మిదేళ్ళు."

నలభై మాటలు దాటింది. నీకు గుర్తు రావాల్సింది రెండే: కుండ మీద రాయి, తొమ్మిదేళ్ళు. మిగతాదంతా నీ కళ్ళ ముందు జరిగిందే, కాగితం చూసి చెప్పాల్సిన పని లేదు. 'ఓపిక గల పిల్ల' అని ముందే చెప్పేస్తే కథ చప్పబడుతుంది, అందుకని ఆ మాట 5వ కార్డుకి జరిపా. వయసు మాత్రం చివరే ఉంచా. నవ్వు అక్కడే వస్తుంది.

ఇక కార్డుల్లోని మాటలు ఇవి, లావు మాత్రం అట్టల మీదే కనపడుతుంది.

1/7
అందరికీ నమస్కారం.
నేను బుజ్జి మేనమామని, కావలి.
నిన్న రాత్రి బుట్టలో కూర్చోబెట్టి తెచ్చింది నేనే.
నడుం ఇంకా నొప్పే. (నవ్వు, ఆగు)
→ వేసవి సెలవులు

2/7
వేసవి సెలవులు, మా ఇల్లు.
చేపల పులుసు, మామిడికాయ ముక్కలు.
మేం పళ్ళేల ముందు కూర్చున్నాం.
కుండ మీద మూత, మూత మీద రాయి.
"తెల్లారితేనే, మామా!"
అప్పుడు తొమ్మిదేళ్ళు. (ఆగు)
→ సీఏ

3/7
సీఏ చదువు కూడా అట్టే.
రాత్రి రెండింటిదాకా లైటు.
పట్టిన పట్టు వదల్లా.
ఈరోజు మా చుట్టాలందరి లెక్కలూ దాని దగ్గరే.
→ కిరణ్

4/7
కిరణ్, ఒంగోలు. చీమకుర్తిలో గ్రానైట్ పని.
పెళ్ళిచూపులనాడు అందరం మాటల్లో ఉన్నాం.
కాఫీ కప్పులు తనే ఎత్తి వంటింట్లో పెట్టొచ్చాడు.
మా అక్క అప్పుడే ఒప్పేసుకుంది. (అక్క వైపు చూడు)
→ రాయి

5/7
రాయి మెరవాలంటే?
ముందు గరుకు, తర్వాత నున్నన, ఒక్కో దశా దాటాల.
మధ్యలో ఒకటి వదిలేస్తే గీతలు కనపడతాయి.
ఆయన రాయి, ఈమె పులుసు.
ఇద్దరికీ ఓపిక తెలుసు. (ఆగు)
→ వియ్యంకులు

6/7
వియ్యంకుల వారికి, బావగారికీ అక్కయ్యగారికీ నమస్కారం. (చేతులు జోడించు)
ఇటు నెల్లూరు, అటు ఒంగోలు.
మధ్యలో కావలి.
ఎటు పోతున్నా మా ఇంట్లో దిగి, తిని పోవాల్సిందే.
→ అందరూ

7/7
అందరూ బాదంపాల గ్లాసు ఎత్తండి.
బుజ్జీ, కిరణ్:
నిండు నూరేళ్ళు, పిల్లాపాపలతో, చల్లగా ఉండండి!
(గ్లాసు ఎత్తు, తాగు, దిగు)

3వ కార్డులో నీ కాగితంలోని 'రెండుసార్లు ఫెయిలయి' తీసేశా. నువ్వు మెచ్చుకుంటూనే రాశావు, కానీ మగపెళ్ళివారి చుట్టాలు మొదటిసారి వింటున్నారు, వాళ్ళకి ఫెయిలన్న మాటే గుర్తుంటుంది. 'పట్టిన పట్టు వదల్లా' అంటే చాలు, తెలిసినవాళ్ళకి తెలుస్తుంది. స్టేజీ మీద ఉత్సాహంలో మళ్ళీ కలపొద్దు నాన్నా, బుజ్జి కూడా ఇదే అడిగింది.

నీ కాగితంలో వియ్యంకులవారు చివర ఉండిరి. గ్లాసులెత్తమన్నాక నమస్కారాలు మొదలుపెడితే జనం చేతులు పైకెత్తి నిలబడే ఉంటారు. అందుకని వాళ్ళని ముందుకి తెచ్చా. 7వ కార్డు తర్వాత ఇంకేం లేదు.

మొత్తం మూడు నిమిషాలు. ఇంట్లో ఫోన్‌లో టైమర్ పెట్టుకుని నిలబడి చెప్పు. కూర్చుని చెబితే ఊపిరి తేడా వస్తుంది, లెక్క తప్పుతుంది. నాలుగు నిమిషాలు దాటితే 3వ కార్డు తీసెయ్. 2 నుంచి 4కి పోయినా కథ తెగదు, కాకపోతే 2వ కార్డు కింద బాణం దగ్గర 'సీఏ' కొట్టేసి 'కిరణ్' అని రాసుకో. 5వది మాత్రం తియ్యొద్దు, పులుసూ రాయీ కలిసేది అక్కడే.

అక్షరాలు Noto Sans Telugu, 20 పాయింట్లు, లావు మాటలకి దాని బోల్డ్. బోల్డ్ విడిగా లేని ఫాంటుని బలవంతంగా లావు చేస్తే వత్తులు పూడుకుపోతాయి. ముందు అట్టా చేసి చూస్తే 'వియ్యంకుల'లో య వత్తు మసి మరకలా కనపడింది. వరసల మధ్య ఎడం కూడా ఒకటిన్నర పెట్టించా, లేకపోతే పైవరస వత్తు కిందివరస గుడికి తగులుతుంది. ఇంక్‌జెట్ ప్రింటయితే చెమట చేతికి అలుక్కుపోతుందని లేజర్ ప్రింటే చేయించా. కళ్ళజోడు లేకుండా చేయి చాపి 6వ కార్డు చదివి చూడు. ఆనకపోతే 24కి పెంచి ఆ కార్డుని రెండుగా విడగొడతా, అప్పుడు అంకెలన్నీ 8కి మార్చాల.

ఎడమవైపు పైమూలన చిల్లు వేసి ఫైలు ట్యాగు కట్టా. రొంత వదులుగానే ఉండనీ, బిగిస్తే కార్డు వెనక్కి తిరగదు. చేయి జారినా వరస చెదరదు. అయిపోయిన కార్డు వెనక్కి పోవాల, టేబుల్ మీద పెట్టొద్దు. మైకు కుడిచేతిలో, కార్డులు ఎడంచేతిలో, రొమ్ము ఎత్తున. 7వ కార్డుకి వచ్చాక కార్డులు జేబులో వేసుకుని ఆ చేత్తో గ్లాసు అందుకో. అందుకే 1, 7 రెండూ చూడకుండా నోటికి రావాల.

బాదంపాలు నువ్వు 5వ కార్డు మొదలుపెట్టగానే పంచమని వడ్డించేవాళ్ళకి చెప్పా. వాళ్ళకి గుర్తు 'రాయి మెరవాలంటే' అన్న మాట, దాన్ని రొంత గట్టిగా అను. 6వ కార్డు అయ్యేసరికి వెనక వరసలకి గ్లాసులు అందకపోతే కావలి మాట ఇంకోసారి చెప్పు, నవ్వుతారు, ఈలోపు అందుతాయి.

ఇదే వరసలో రెండో సెట్టు అమ్మ హ్యాండ్‌బ్యాగులో ఉంది.