పిన్ని బోన్ డెన్సిటీ రిపోర్టు: L4 దగ్గరే ఉంది అసలు సంగతి

పిన్నీ,

నువ్వు పంపిన రిపోర్టు పేజీలన్నీ చూశాను. చివర ‘ఆస్టియోపీనియా’ అని రాసి ఉంది కాబట్టి భయం లేదని బాబాయి అన్నారట. నాకు అలా అనిపించలేదు. కాగితం ముందు పెట్టుకుని చదువు.

టీ-స్కోర్ అంటే ఆరోగ్యంగా ఉన్న యుక్తవయసు వాళ్ల ఎముకతో నీ ఎముకను పోల్చి ఇచ్చే అంకె. మైనస్ 1, ఆ పైన ఉంటే మామూలే. మైనస్ 1కి, మైనస్ 2.5కి మధ్య ఉంటే ఆస్టియోపీనియా, అంటే ఎముక కాస్త పలచబడిందని. మైనస్ 2.5, అంతకంటే కిందికి దిగితే ఆస్టియోపోరోసిస్, అంటే ఎముక గుల్లబారిందని. పక్క గడిలోని జెడ్-స్కోర్ 0.1 నీ ఈడు వాళ్లతో పోలిక. అది బాగుందని ఊరుకోకూడదు, 67 ఏళ్లకు చాలామంది ఎముకలు పలచబడే ఉంటాయి.

ఇప్పుడు నడుము పూసల పట్టిక చూడు. L1 మైనస్ 2.6, L2 మైనస్ 2.8, L3 మైనస్ 2.4. ఆ కింద L4 ఒక్కటీ ప్లస్ 0.1! ఒకే నడుములో ఒక్క పూస అంత గట్టిగా ఎలా ఉంటుంది? బొమ్మలో L4 చూడు, పక్క అంచులు మిగతావాటికంటే తెల్లగా, ముక్కులా పొడుచుకొచ్చి ఉన్నాయి. అరుగుదల వల్ల పెరిగిన ఎముక అది. బలం కాదు. కానీ మెషీన్ దాన్నీ లెక్కలో కలిపేసి, మొత్తం మైనస్ 1.8 అని చూపించింది. పక్క పూసతో ఒక పాయింటు కంటే ఎక్కువ తేడా ఉన్న పూసను తీసేసి చూడాలన్నది మా పద్ధతి. L4 తీసేస్తే మైనస్ 2.6 వస్తుంది. అంటే ఆస్టియోపోరోసిస్.

తుంటి మెడ దగ్గర మైనస్ 2.1 వచ్చింది. అయినా నిర్ధారణకు అన్నిటికంటే తక్కువ అంకెనే తీసుకుంటాం.

ఇంకొకటి. ఈమధ్య చీర కుచ్చిళ్లు నేలకు తగులుతున్నాయన్నావు, గుర్తుందా? ఎత్తు తగ్గడం పూస నలిగిందనడానికి గుర్తు కావచ్చు. ఈ స్కాన్ బొమ్మ ముందు నుంచి తీసింది, అందులో అది సరిగ్గా తేలదు. నలిగిన పూస ఒక్కోసారి అంకెను ఎక్కువగా కూడా చూపిస్తుంది. పక్క నుంచి వెన్ను ఎక్స్‌రే తీయించాలి.

కేజీహెచ్‌కి వెళ్లినప్పుడు బొమ్మలున్న పేజీ తప్పకుండా తీసుకెళ్లు. ‘L4 వదిలేసి లెక్కేస్తే ఎంత?’ అని డాక్టరు గారిని అడుగు. కాల్షియం, విటమిన్ డి, థైరాయిడ్, కిడ్నీ పరీక్షలు రాయిస్తారు. పక్కింటావిడ ఎముకల కోసం వారానికోసారి వేసుకునే మాత్ర నువ్వు సొంతంగా మొదలుపెట్టకు. పళ్లు తీయించుకోవాల్సింది ఉంటే, అలాంటి మందు రాసే ముందే డాక్టరు గారికి చెప్పు.

ఎక్స్‌రే వచ్చేదాకా వంగి బకెట్లు, సిలిండరు ఎత్తకు. బీచ్ రోడ్డులో నడక మానక్కర్లేదు, తడి టైల్స్ మీద మాత్రం జాగ్రత్త. గిరి ప్రదక్షిణ సంగతి ఆ తర్వాత మాట్లాడుకుందాం. మళ్లీ స్కాన్ తీయించేటప్పుడు ఇదే సెంటర్‌లో, ఇదే మెషీన్ మీద తీయించు. వేరే మెషీన్ అంకెలను వీటితో నేరుగా పోల్చలేం.