దుక్కి పదును కావాలి

(తప్పెటగుళ్ల నడక. నాలుగు దెబ్బలకో అడుగు. చివరి చరణం వరకూ వేగం పెంచొద్దు. గురువు పంక్తి పాడితే, వంతగాళ్లు పల్లవి అందుకోవాలి.)

పల్లవి
నల్లమబ్బు బావో, నువ్వు నాగలి మాట వినాలి
దుమ్మణిగే చినుకొద్దు, దుక్కి పదును కావాలి

రోహిణి కార్తె పోయింది, రోలు పగిలిపోయింది
మృగశిర కార్తె వచ్చింది, మట్టి నోరు తెరిచింది
చెరువు గర్భం బీటల్లో చెప్పు దూరి ఇరికింది
బురద లేని గేదె లేచి గెడ్డ దారి పట్టింది
॥నల్లమబ్బు బావో॥

గత్తమంతా తోలేశాను, గట్లు చెక్కి ఉంచాను
కొలిమి కాడ కూకుని కర్రు పదునెట్టించాను
కర్రు పదును నా చేతిది, కాదనను బావయ్యా
మట్టి పదును నీ చేతిది, మాట తప్పకయ్యా

ఇంటిదాని చెవికమ్మలు బ్యాంకులోన ఉన్నాయి
విత్తనాల బస్తా చుట్టూ ఎలకలు తిరుగుతున్నాయి
॥నల్లమబ్బు బావో॥

(మాట. తప్పెట మెల్లగా.)
గురువు: ఒరే గుంటడా, సెల్లులో ఏటి చూపిస్తోంది?
వంత: రేపు వానంట, గురూ.
గురువు: నిన్న కూడా రేపే అన్నాది కదరా!

సాలూరు కొండ మీద సాయంత్రం ఉరిమావు
నాగావళి అవతల నాలుగూళ్లు తడిపావు
మా పొలిమేర కాడికొచ్చి మొహం తిప్పుకుపోయావు
భూమి మా అప్ప కదా, నీకిచ్చిన పిల్ల కదా
పుట్టింటి వాకిట్లో దాన్ని ఎండబెడతావా?
కట్నం బాకీ ఉంటే చెప్పు, కళ్లంలో తీరుస్తా
కొత్త గింజ రాగానే కుంచంతో కొలుస్తా
॥నల్లమబ్బు బావో॥

ఆరుద్రలో కురిశావా, ఆకుమడి దున్నుకుంటా
నారు అదను దాటిందా, ఎద జల్లి చూసుకుంటా
వరి పోతే చోడి వేస్తా, చోడి పోతే ఉలవ వేస్తా
పెద్దోడు చెన్నై రైలెక్కాడు
నేను మాత్రం ఎక్కను బావో, నేను మాత్రం ఎక్కను!

(ఇక్కడ్నించి దరువు జోరు.)
అదిగదిగో గాలి లేచె, అరిటాకు చిరిగింది
తాటిమట్ట గలగలమని తలుపు గొళ్లెం ఊగింది
రేకు మీద టపటప, రచ్చబండ మీద టప
చంటిగాడి నెత్తి మీద, చల్లకుండ మీద టప
పరుగెత్తి చేలోకెళ్లి వేలు గుచ్చి చూశాను
గోరు తడిసింది, బావో, గోరు ఒక్కటే తడిసింది!

గురువు: బెత్తెడు దిగిందా?
వంత: దిగలేదు!
గురువు: జానెడు దిగిందా?
వంత: దిగలేదు!
గురువు: ముసలెద్దు రంకేసిందా?
వంత: వెయ్యలేదు, వెయ్యలేదు!
గురువు: అయితే మనం ఆపుతామా?
వంత: ఆపం, ఆపం, ఆపం!

నల్లమబ్బు బావో, నువ్వు నాగలి మాట వినాలి
దుమ్మణిగే చినుకొద్దు, దుక్కి పదును కావాలి
కొట్టండ్రా తప్పెట, కొట్టండ్రా!