ఫోన్ మోసాల గురించి కాలనీ పెద్దలతో నాలుగు మాటలు

నల్లకుంట పెద్దలందరికీ నమస్కారం. నేను 34 ఏళ్లు బ్యాంకులో పనిచేశాను. డబ్బు పోగొట్టుకుని కౌంటర్ ముందు ఏడ్చిన పెద్దవాళ్లను చూశాను, అందుకే వచ్చాను.

అన్నిటికంటే నాకు భయం డిజిటల్ అరెస్ట్ అంటేనే. పోలీసు డ్రెస్సులో ఒకడు వీడియో కాల్ చేసి, "మీ ఆధార్‌తో వెళ్లిన పార్సిల్‌లో డ్రగ్స్ దొరికాయి, ఎవరికీ చెప్పొద్దు" అంటాడు. మన చట్టంలో అలాంటి అరెస్టే లేదు. ఫోన్ పెట్టేసి పిల్లలకో, పక్కింటివాళ్లకో చెప్పండి. మనల్ని ఒంటరిని చేయడమే వాళ్ల ఎత్తు.

కేవైసీ ఆగిందంటూ ఫోన్ చేసి ఓటీపీ అడిగితే ఇవ్వకండి, బ్యాంకు అడగదు. కరెంటు బిల్లు పేరుతో వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైల్ నొక్కకండి, అది ఫోన్‌లో దొంగ యాప్ ఎక్కిస్తుంది. పాత సోఫా కొంటామని, డబ్బు రావాలంటే స్కాన్ చేసి పిన్ కొట్టమని క్యూఆర్ కోడ్ పంపుతారు. మనకు డబ్బు రావడానికి యూపీఐ పిన్ కొట్టక్కర్లేదు. షేర్లలో రెట్టింపు లాభమనే గ్రూపులైతే మొదట కొంచెం తిరిగిస్తాయి, అక్కడే నమ్మేస్తాం.

పొరపాటు జరిగితే సిగ్గుపడకండమ్మా. వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, బ్యాంకుకూ చెప్పండి. ఎంత త్వరగా చెబితే డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ. ఆ నంబరు పెద్దగా రాసిన కాగితాలు తెచ్చాను, ఫ్రిజ్ మీద అంటించుకోండి. రేపు సాయంత్రం పార్కులో ఉంటాను, ఫోన్లు తీసుకురండి, కలిసి చూద్దాం.